గుండ్రటి బ్యాడ్జీలో మాట మారిస్తే

రక్తదాన శిబిరంలో పనిచేసే వాలంటీర్ల కోసం ఎవరో చేసిచ్చిన బ్యాడ్జీ ఒకటుందనుకుందాం. గుండ్రటి పట్టీలో పైన ‘రక్తదాన శిబిరం’, కింద ‘స్వచ్ఛంద సేవకులు’, రెంటి మధ్య అటొకటి ఇటొకటి నక్షత్రాలు. చూడముచ్చటగానే ఉంది. వచ్చే నెలలో కంటి వైద్య శిబిరం పెడుతున్నారు కాబట్టి పైన ‘ఉచిత నేత్ర వైద్య శిబిరం’ అని మారిస్తే చాలంటారు నిర్వాహకులు. డీటీపీ షాపులో ఐదు నిమిషాల్లో మార్చి ఇస్తారు. తీరా చూస్తే అక్షరాలు నక్షత్రాలను తోసుకుంటూ ఉంటాయి. పై మాట వదులుగా, కింది మాట బిగిసిపోయినట్టు కనిపిస్తుంది. మొత్తం రాత ఒక పక్కకు ఒరిగినట్టూ అనిపిస్తుంది. తప్పు ఎక్కడుందో చెప్పలేం కానీ ఏదో కుదరలేదని మాత్రం చూడగానే తెలుస్తుంది.

వెక్టర్ బొమ్మలో వలయం మీది మాటను మార్చడానికి వాడుకలో నాలుగు దారులున్నాయి. ఎడం ఏ దారిలో నిలుస్తుంది, ఏ దారిలో చెడుతుంది, తెలుగు లిపికి అదనంగా ఎక్కడ చిక్కు వస్తుంది అన్నవి ఈ వ్యాసంలో చూద్దాం. ఉదాహరణ మొదటి నుంచి చివరి దాకా ఈ బ్యాడ్జీయే.

నాలుగు దారులు

మొదటిది, మాటను తిన్నగా టైపు చేసి విల్లులా వంచడం. ఎన్వలప్, వార్ప్ అనే పనిముట్లు చేసేది ఇదే. ఇందులో అక్షరం తిరగదు, సాగుతుంది. పై అంచు సాగి కింది అంచు నొక్కుకుపోతుంది. తలకట్లు వెడల్పై, వత్తులు సన్నబడి, ఒకే మాటలోని రెండు ‘ర’లు రెండు ఆకారాల్లో కనిపిస్తాయి. జెండా మీద, బ్యానరు మీద రాతకు ఇది సరిపోవచ్చు గానీ ముద్రలకూ బ్యాడ్జీలకూ పనికిరాదు.

రెండోది, ఒక్కో అక్షరాన్నీ విడిగా పెట్టి, వలయం కేంద్రం చుట్టూ సమానమైన కోణాల్లో తిప్పడం. సమానమైన కోణం అంటే సమానమైన ఎడం అనుకోవడమే ఇక్కడి పొరపాటు. ‘ర’ సన్ననిది, ‘దా’ వెడల్పైనది. రెండు అక్షరాల నడిమధ్యల మధ్య దూరాన్ని సమానం చేస్తే, వాటి అంచుల మధ్య ఖాళీ సమానం కాదు. ఉదాహరణకు ‘ర’ 30 యూనిట్లు, ‘దా’ 55 యూనిట్లు ఉండి, నడిమధ్యల మధ్య దూరం 56 యూనిట్లు అయితే రెండు ‘ర’ల మధ్య 26 యూనిట్ల ఖాళీ వస్తుంది, రెండు ‘దా’ల మధ్య ఒక్కటే మిగులుతుంది. అక్షరాలన్నీ ఒకే వెడల్పున్న చోటే ఈ పద్ధతి నిలుస్తుంది. చాలా ఫాంట్లలో అంకెలన్నీ ఒకే వెడల్పు కాబట్టి 2019ని 2024గా మార్చడానికి ఇది చాలు.

మూడోది, టెక్స్ట్‌ను గీత మీదికి ఎక్కించడం. కోరెల్ డ్రాలో ఫిట్ టెక్స్ట్ టు పాత్, ఇంక్‌స్కేప్‌లో `Text > Put on Path`, ఇల్లస్ట్రేటర్‌లో టైప్ ఆన్ ఎ పాత్, ఎస్‌వీజీ కోడ్‌లో `textPath`. పేర్లు వేరైనా పని ఒకటే. ఒక్కో అక్షరం వెడల్పునూ గీత పొడవునా కొలుచుకుంటూ, అక్కడి వంపుకు తగ్గట్టు అక్షరాన్ని తిప్పి నిలబెడతాయి. మాట ఎప్పుడైనా మార్చుకోవచ్చు. మన పనికి సరైన దారి ఇదే. అయితే ఈ దారిలోనూ ఎడం దానంతట అది కుదరదు. ఎందుకు కుదరదో కాసేపట్లో చూద్దాం.

నాలుగోది దారి కాదు, అవస్థ. వచ్చిన ఫైలులో అక్షరాలను ముందే కర్వ్స్‌లోకి మార్చేసి ఉంటారు. అవి ఇక అక్షరాలు కావు, ఉత్త ఆకారాలు. అలాంటప్పుడు పాత ఆకారాలను కోసి అతికించడం కన్నా వలయాన్ని తిరిగి కట్టుకోవడం తేలిక. పట్టీ వలయాన్ని ఎంచుకుంటే కేంద్రం దొరుకుతుంది. వత్తు లేని మూడు అక్షరాల అడుగులను తాకేలా, అదే కేంద్రంతో వృత్తం గీస్తే రాత కూర్చున్న గీత దొరుకుతుంది. అక్కడి నుంచి మూడో దారే.

అడుగున కొలిచి, నడుమున చూసి

వలయం మీది అక్షరానికి అడుగు, నడుము, తల అని మూడు చోట్లున్నాయనుకోండి. సాఫ్ట్‌వేర్ ఎడం కొలిచేది గీత మీద, అంటే అక్షరం అడుగున. మన కన్ను ఎడం చూసేది నడుము దగ్గర. తిన్నటి గీత మీద రెండూ ఒకటే కాబట్టి తేడా తెలియదు. వలయం మీద రెండూ వేరు.

పై మాటలో అక్షరాల అడుగు కేంద్రం వైపు, తల బయటికి ఉంటుంది. విసనకర్ర పుల్లల్లా పైకి పోయేకొద్దీ అవి దూరమవుతాయి. కింది మాటను ఎడమ నుంచి కుడికి తిన్నగా చదవాలంటే అడుగు బయటికి, తల కేంద్రం వైపు ఉండాలి. అందుకే అక్కడ తలలు దగ్గరవుతాయి. రెండు మాటలకూ ఒకే ఎడం అంకె ఇచ్చినా పైది వదులుగా, కిందిది బిగువుగా కనిపించడానికి కారణం ఇదే.

తేడా ఎంతో మన బ్యాడ్జీలో కొలిచి చూద్దాం. బొమ్మ 600 యూనిట్ల చదరం, కేంద్రం 300, 300 దగ్గర. అక్షరం ఒళ్లు 30 యూనిట్ల ఎత్తు, సగటు వెడల్పు 40. పై మాట అడుగు గీత వ్యాసార్ధం 200. అక్షరాలు 200 నుంచి 230 దాకా నిలబడతాయి. కింది మాట అదే పట్టీలో ఉండాలంటే దాని అడుగు గీత 230 మీద ఉండాలి. రెంటి నడుమూ 215 దగ్గరే.

రెంటికీ 12 యూనిట్ల ఎడం ఇచ్చాం. ఒక అక్షరం మొదలు నుంచి తరువాతి అక్షరం మొదలు దాకా గీత మీద 52 యూనిట్లు. పై మాటలో ఈ 52 నడుము దగ్గరికి వచ్చేసరికి 215/200 వంతున పెరిగి 55.9 అవుతుంది. అందులో అక్షరం 40 పోతే ఖాళీ దాదాపు 16. కింది మాటలో అదే 52 నడుము దగ్గర 215/230 వంతున తగ్గి 48.6 అవుతుంది. ఖాళీ 9 కూడా లేదు. ఎడం అంకె రాసే పెట్టెలో రెండు చోట్లా 12 అని కనిపిస్తున్నా, కంటికి కనిపించేది ఒకచోట 16, మరోచోట 9.

పాత బ్యాడ్జీ చేసినవారికి ఈ సంగతి తెలుసు. వారు కింది మాటకు 20 యూనిట్ల ఎడం ఇచ్చారు. గీత మీది 60 యూనిట్ల దూరం నడుము దగ్గర 56 అయి, ఖాళీ 16 వచ్చింది. పైనా కిందా సమానం. ఇది తెలియని వారు తరువాత ఫైలు తెరిచి, అంకెలు రెండూ వేర్వేరుగా ఉన్నాయే అని ‘సరిచేస్తే’ సమానంగా ఉన్నది కాస్తా చెడుతుంది.

రెండు అంకెలతో తంటా ఎందుకంటే ఇంకో ఉపాయం ఉంది. గీతనే నడుము దగ్గర గీయడం. 215 వ్యాసార్ధంతో ఒకే వృత్తం తీసుకుని, అక్షరాలను సగం ఎత్తు, అంటే 15 యూనిట్లు, కిందికి దింపితే వృత్తం అక్షరాల నడుము గుండా పోతుంది. సాఫ్ట్‌వేర్ కొలిచే చోటు, కన్ను చూసే చోటు ఒకటవుతాయి. పైనా కిందా 16 అని ఒకే అంకె ఇవ్వవచ్చు. ఇల్లస్ట్రేటర్‌లో పాత్ ఆప్షన్లలో ‘Align to Path’ను ‘Center’ చేయడం ఇలాంటిదే. ఎస్‌వీజీలో ఆ పని `dy` చేస్తుంది.

```
<path id="paina" fill="none"
 d="M300,515 A215,215 0 0 1 300,85
    A215,215 0 0 1 300,515"/>
<text dy="15" font-size="56"
 letter-spacing="16" text-anchor="middle">
 <textPath href="#paina" startOffset="683.4">
ఉచిత నేత్ర వైద్య శిబిరం</textPath>
</text>
```

ఇందులో మూడు సంగతులు గమనించాలి. గీత అడుగున మొదలై, ఎడమ పక్కగా పైకి వెళ్లి, కుడి పక్కగా తిరిగి అడుగుకే వస్తుంది. అర్ధవృత్తం గీసి ఊరుకుంటే, మాట పొడవైనప్పుడు గీత దాటిన అక్షరాలు ఏ హెచ్చరికా లేకుండా మాయమవుతాయి. మధ్యకు సర్దిన మాటలో అవి రెండు కొసల్లోనూ పోతాయి కాబట్టి ‘ఉచిత’లో ‘ఉ’ ఎగిరిపోయినా వెంటనే దృష్టికి రాకపోవచ్చు. పూర్తి వృత్తం ఉంటే ఆ భయం లేదు. కింది మాటకు గీత పైన మొదలై, ఎడమ పక్కగా కిందికి దిగి రావాలి. అంటే తిరిగే దిక్కు మారుతుంది, కోడ్‌లో `0 0 1` బదులు `0 0 0` వస్తుంది.

రెండోది `startOffset`లోని వింత అంకె. వృత్తం చుట్టుకొలత 1350.9, అందులో సగం 675.4. అక్కడ మధ్యకు సర్దితే మాట సరిగ్గా నడినెత్తిన కూర్చోవాలి. కానీ చాలా సాఫ్ట్‌వేర్లు ఎడాన్ని ప్రతి అక్షరం తరువాతా కలుపుతాయి, చివరి అక్షరం తరువాత కూడా. కంటికి కనిపించని ఆ 16 యూనిట్లు మాట పొడవులో చేరి, కనిపించే మాట 8 యూనిట్లు ఎడమకు జరుగుతుంది. 215 వ్యాసార్ధం మీద అది రెండు డిగ్రీలకు పైనే. ఒరిగినట్టు అనిపించడానికి అంతే చాలు. అందుకే 8 కలిపి 683.4 ఇచ్చాం.

మూడోది, కొన్ని పాత ప్రోగ్రాములకు `href` బదులు `xlink:href` రాయాలి. `dy`ని అన్నీ ఒకేలా పాటించకపోవచ్చు కాబట్టి, చివరికి ముద్రకు వెళ్లే ప్రోగ్రాములో ఒకసారి తెరిచి చూసుకోవాలి.

వత్తుల సంగతి

ఇంతవరకూ చెప్పింది ఏ లిపికైనా వర్తిస్తుంది. తెలుగుకు వచ్చేసరికి రెండు చిక్కులు తోడవుతాయి.

ఒకటి, ఎడం పెంచితే వత్తు తల్లి అక్షరాన్ని వదిలేయడం. మన డీటీపీ షాపుల్లో ఏళ్లుగా వాడుతున్న అను వంటి పాత ఫాంట్లలో ‘క్త’ ఒక అక్షరం కాదు. ‘క’ ఒక ముక్క, ‘త’ వత్తు ఇంకో ముక్క. ఎడం అంకె పెంచితే ఆ రెంటి మధ్య కూడా ఖాళీ చేరి, వత్తు పక్క అక్షరం కిందికి జరుగుతుంది. వలయం మీద పరిస్థితి మరీ ఘోరం. వత్తు కూడా విడి అక్షరంలా తన చోటి వంపుకు తగ్గట్టు తిరుగుతుంది. అలాంటి ఫాంటుతోనే పని అయితే, మాటంతటికీ కలిపి ఎడం ఇవ్వకుండా, అక్షరం మొత్తం పూర్తయిన చోట మాత్రమే చేత్తో ఇవ్వాలి.

యూనికోడ్ ఫాంటు వాడితే ‘క్త’ను ఒకే గుంపుగా పట్టుకుని, ఎడాన్ని గుంపుల మధ్యే కలపాలి. మండలి, రామభద్ర వంటి ఉచిత ఫాంట్లు ఇప్పుడు అందుబాటులో ఉన్నాయి. కానీ ఫాంటు సరైనదైనా ప్రోగ్రాము దాన్ని సరిగా చదవాలి. ఇల్లస్ట్రేటర్‌లో భారతీయ లిపులకు తగిన కంపోజర్ ఎంచుకోకపోతే వత్తులు విడిపోవచ్చు. పరీక్ష తేలిక. ‘స్త్రీ’ అని టైపు చేసి, వృత్తం మీదికి ఎక్కించి, ఎడం 50కి పెంచండి. త వత్తూ, క్రావడీ, గుడిదీర్ఘమూ ‘స’ను అంటిపెట్టుకునే ఉంటే ఆ ప్రోగ్రామును నమ్మవచ్చు. ఏ ఒక్కటి కదిలినా నమ్మకూడదు.

రెండో చిక్కు ఆకారానిది. ఇంగ్లిష్ బ్యాడ్జీల్లో ఎక్కువగా పెద్దక్షరాలే వాడతారు. వాటికి గీత కింద ఏమీ వేలాడదు. మన అక్షరాలకు కింద వత్తులు, పైన గుడులు. పై మాటలో వత్తులు కేంద్రం వైపు దిగుతాయి, అంటే చోటు తగ్గే దిక్కుకు. అడుగు గీతకు 20 యూనిట్ల కింద, 180 వ్యాసార్ధం దగ్గర, నడుము మీది 56 యూనిట్ల దూరం 47కు పడిపోతుంది. ‘వైద్య’లో ‘వై’ కింది ఐత్వపు ముక్క, ‘ద్య’ కింది య వత్తు ఆ ఇరుకులోనే పక్కపక్కన పడతాయి. నడుము దగ్గర ఎడం సరిగ్గా 16 ఉన్నా, కింద అవి ఒకదాన్నొకటి తాకేటంత దగ్గరవుతాయి. అక్కడ ఆ జంట మధ్య మాత్రం రెండు మూడు యూనిట్లు చేత్తో కలపాలి.

కింది మాటలో దీనికి సరిగ్గా తలకిందులు. ‘స్వచ్ఛంద’లోని వత్తులు బయటికి, విశాలమైన చోటికి దిగుతాయి. అక్కడ ఇరుకయ్యేవి తలకట్లూ ఏత్వాలూ. కాబట్టి రెండు మాటల్లో ఏది పైన, ఏది కింద అని ఎంచుకునే వీలుంటే, వత్తులెక్కువున్న మాట కింద, గుడులూ దీర్ఘాలూ ఎక్కువున్న మాట పైన పెడితే చేతిపని తగ్గుతుంది.

మిగిలిన ఖాళీ ఎవరిది?

ఇక అసలు మార్పు. ‘రక్తదాన శిబిరం’లో ఏడు అక్షరాలు, ఒక ఖాళీ. అక్షరాలు 280, ఖాళీకి 10, మొత్తం 290 యూనిట్లు. మధ్యలో ఏడు ఎడాలు, ఒక్కోటి 16 చొప్పున 112. మొత్తం 402 యూనిట్లు. 215తో భాగించి కోణంలోకి మారిస్తే 107 డిగ్రీలు. ‘స్వచ్ఛంద సేవకులు’లోనూ ఏడు అక్షరాలు, ఒక ఖాళీ, కాబట్టి అదీ 107. రెండు పక్కలా 73 డిగ్రీల చొప్పున మిగిలింది. ఆ ఖాళీల నడిమధ్యన, అంటే గడియారంలో మూడూ తొమ్మిదీ ఉండేచోట నక్షత్రాలు కూర్చున్నాయి.

‘ఉచిత నేత్ర వైద్య శిబిరం’లో పది అక్షరాలు, మూడు ఖాళీలు. వెడల్పు 430, ఎడాలు పన్నెండు. ఎడం 16గానే ఉంచితే 622 యూనిట్లు, దాదాపు 166 డిగ్రీలు. నక్షత్రాలను కదపకూడదంటే, నక్షత్రం సగం వెడల్పుకు నాలుగు డిగ్రీలు, దాని పక్కన ఊపిరి తీసుకునే చోటుకు ఎనిమిది తీసేయాలి. పై సగంలోని 180 డిగ్రీల్లో రెండు వైపులా కలిపి 24 పోగా 156 మిగులుతాయి. అది 585 యూనిట్లు. అందులో అక్షరాలు 430 పోతే ఒక్కో ఎడానికి 13 వస్తుంది. పైన 13 అయితే కిందా 13 చేయాలి, లేకపోతే రెండు మాటలూ రెండు చేతులు రాసినట్టుంటాయి. అప్పుడు కింది మాట 101 డిగ్రీలకు కుదించుకుపోతుంది. నక్షత్రం పైకి 12 డిగ్రీలకు దూరంగా, కిందికి 39 డిగ్రీలకు దూరంగా నిలబడుతుంది. అక్షరాల ఎడం లెక్క సరిపోయినా బ్యాడ్జీ ఎడం తప్పింది.

అందుకే ముందు కదపవలసింది అక్షరాన్ని కాదు, నక్షత్రాన్ని. ఎడం 16గానే ఉంచుదాం. పై మాట నడినెత్తి నుంచి అటూ ఇటూ 83 డిగ్రీల దాకా వస్తుంది. కింది మాట కొస, పైనుంచి లెక్కిస్తే, 126 దగ్గర ఉంది. మధ్యలో ఖాళీ 43 డిగ్రీలు. దాని నడిమధ్య 105 దగ్గర. కుడి నక్షత్రాన్ని బ్యాడ్జీ కేంద్రం చుట్టూ 15 డిగ్రీలు కిందికి తిప్పాలి, ఎడమదాన్ని అద్దంలోలా అంతే కిందికి. అక్షరాల ఎడం, పైనా కిందా పోలిక, కొసల దగ్గరి ఖాళీ మూడూ కుదురుతాయి. ప్రోగ్రాములో నక్షత్రాన్ని తిప్పే ముందు దాని తిరిగే కీలును బ్యాడ్జీ కేంద్రానికి మార్చుకోవడం మరవకూడదు. లేకపోతే అది ఉన్నచోటే గిరగిరా తిరుగుతుంది.

మాటను ఎలాగైనా ఇచ్చిన పొడవుకు సరిపెట్టే `textLength` అనే సదుపాయం ఎస్‌వీజీలో ఉంది. వినడానికి ఇదే సులువు. కానీ గీత మీది మాటకు దాన్ని అన్ని ప్రోగ్రాములూ ఒకేలా పాటించవు. పాటించినా అది పై మాటను సర్దుతుందే గానీ కింది మాటతో పోల్చుకోదు. లెక్క మనం వేసుకోవడమే మేలు.

అక్షరాల సైజు తగ్గించడం ఆఖరి మాట. సాధారణంగా దొరికే 58 మిల్లీమీటర్ల బటన్ బ్యాడ్జీ మీద మన 600 యూనిట్లు పరుచుకుంటే, 30 యూనిట్ల అక్షరం ఒళ్లు 2.9 మిల్లీమీటర్లు. దాని వత్తు అందులో సగం కూడా ఉండదు. ఇంకా తగ్గిస్తే స్క్రీన్ మీద బాగానే ఉంటుంది, బ్యాడ్జీ మీద ‘త్ర’కూ ‘త’కూ తేడా తెలియదు.

చూసి తెలుసుకోవడం

లెక్క సగటు అక్షరానిది. నిజం అక్షరం అక్షరానికీ మారుతుంది. ‘య’ లాంటి వెడల్పు అక్షరం వలయం మీద కర్రలా తిన్నగా ఉండిపోతుంది, దాని చివర్లు వంపు నుంచి తప్పుకుంటాయి. సున్న పక్కన ఖాళీ ఎక్కువగా కనిపిస్తుంది. ఈ చివరి సర్దుబాటు కంటితోనే చేయాలి. బ్యాడ్జీని తలకిందులు చేసి చూస్తే మాట చదవడం మానేసి కన్ను ఖాళీలను చూస్తుంది. కళ్లు సగం మూసి చూస్తే ఎక్కడ నల్లగా గడ్డకట్టిందో, ఎక్కడ చిల్లు పడిందో తెలుస్తుంది. ఆ తరువాత అసలు సైజులో కాగితం మీద ప్రింటు తీసి, చేయి చాచినంత దూరంలో పట్టుకుని చదవాలి.

అంతా కుదిరాక ప్రెస్సుకు పంపే కాపీని మాత్రమే కర్వ్స్‌లోకి మార్చాలి. టైపు చేసిన ఫైలును దాచి, ఫాంటు పేరు, నడుము వ్యాసార్ధం, ఎడం అంకె రాసి ఉంచుకుంటే వచ్చే ఏడు ఎవరూ మూడు అక్షరాల అడుగులు వెతుక్కుంటూ వృత్తం గీయనక్కర్లేదు.

ఇన్ని సర్దుబాట్లకు ముందే వేయవలసిన లెక్క ఒకటుంది. మన మాటలో ‘ఉచిత’ తీసేసి చూడండి. ‘నేత్ర వైద్య శిబిరం’, ఏడు అక్షరాలు, రెండు ఖాళీలు. వెడల్పు 300, ఎనిమిది ఎడాలు, మొత్తం 428 యూనిట్లు, అంటే 114 డిగ్రీలు. పాత 107కూ దీనికీ తేడా ఏడు డిగ్రీలే. నక్షత్రాలను రెండు డిగ్రీలు దింపితే చాలు, పాత బ్యాడ్జీయే అనిపిస్తుంది. శిబిరం ఉచితమన్న సంగతి వచ్చే జనానికి పోస్టరు చెబుతుంది. లోపల పనిచేసే వాలంటీరు జేబు మీద ఆ మాట ఉండి తీరాలా అని నిర్వాహకులను ఒక్కసారి అడిగి చూడాలి.